ఒకే పరీక్ష రాశాం, మా ఆవిడకు వచ్చింది, నాకు రాలేదు

దేవరకొండ రోడ్డు: 2024 డీఎస్సీకి ఇద్దరం ఒకే పుస్తకాలు పంచుకుని చదివాం. ఆమెకు ఎస్జీటీ వచ్చింది. నేను నల్లగొండలో ప్రైవేటు స్కూల్లోనే లెక్కలు చెప్తున్నా. ఫంక్షన్లలో అందరూ ఆమె చుట్టే, నన్ను ‘టీచరమ్మ భర్త’ అని పరిచయం చేస్తారు. రాత్రయితే "నేనంటే నీకు చిన్నచూపు లేదు కదా?" అని అడుగుతా. లేదంటుంది. తెల్లారేసరికి మళ్లీ అదే టెన్షన్. ఆమె ఫోన్ మోగితే నా చూపు అటే పోతోంది.

పాలమూరు అన్న: వచ్చే నోటిఫికేషన్ గట్టిగా కొట్టు తమ్మీ. ఉద్యోగం వస్తే ఇవన్నీ మాయం.

పానగల్లు: ఆమె మీద అనుమానమా? అయితే పెద్దమనుషుల్లో కూర్చోబెట్టండి.

దేవరకొండ రోడ్డు: అనుమానం కాదండీ. నా మీద నాకే నమ్మకం పోతోంది.

జడ్చర్ల అక్క: కౌన్సెలింగ్ పని చేస్తా, ఇలాంటి జంటలను చూశాను. ఆమెకు పాటలోనో వ్యాపారంలోనో పేరొస్తే నువ్వే నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడివి. నీదనుకున్న దాంట్లోనే ముందుకు పోయింది, అందుకే ఇంత గుచ్చుకుంటోంది. పాలమూరు అన్న చెప్పింది సగమే నిజం. ఉద్యోగం వచ్చినా రేపు ఆమెకు ప్రమోషన్ వస్తే మళ్లీ మొదలవుతుంది.

అసలు చిక్కు ఆ రాత్రి ప్రశ్నలో ఉంది. ఆమె ‘లేదు’ అనగానే మనసు తేలికవుతుంది, అందుకే మర్నాడూ అడగాలనిపిస్తుంది. ఫోన్ చూడటమూ అంతే. అడగాలనిపించినప్పుడు ఒక అరగంట ఆపు. ఆ లోపు కాగితం మీద జరిగింది ఒక పక్క, నువ్వు అనుకున్నది ఇంకో పక్క రాయి. ‘స్టాఫ్ గ్రూపు చూసి నవ్వింది’ జరిగింది. ‘నన్ను చూసి నవ్వుకుంటున్నారు’ నువ్వు అనుకున్నది. చాలాసార్లు అరగంటలో ఆ ఊపు తగ్గుతుంది. తగ్గకపోతే తీర్పు అడగకు, ఆమె చేయగల పని అడుగు: "ఫంక్షన్లో పరిచయం చేసేటప్పుడు నేను లెక్కలు చెప్తానని కూడా అను." ఆమె నిజంగానే నలుగురిలో నిన్ను తక్కువ చేస్తుంటే మాత్రం ఈ కాగితం పనికి రాదు, ఆ సంగతి నేరుగా మాట్లాడుకోవాలి. నిద్ర పట్టక, పని సాగకపోతే మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిర్యాలగూడ కోడలు: నాది వేరే సంగతి. మా ఆయన అందగాడు, పెళ్లి ఫొటోల్లో నేను పక్కన కనపడను కూడా! దానికి కాగితం రాస్తే ఏం తగ్గుతుందో నాకైతే తెలియదు. ఫొటోలు చూడటం మానేశా, అంతే.

హాలియా: నేను ఆ టీచరమ్మ స్థానంలో ఉన్నదాన్ని. రోజూ అడిగితే ఏమవుతుందో చెప్పనా? స్కూల్లో హెడ్‌మాస్టర్ మెచ్చుకున్నా ఇంట్లో చెప్పబుద్ధి కాదు. మీ ఆవిడ ఈ మధ్య స్కూలు ముచ్చట్లు చెప్తోందా?

దేవరకొండ రోడ్డు: సంక్రాంతి సెలవుల నుంచి చెప్పట్లేదు. పని ఎక్కువైందేమో అనుకున్నా.

పాలమూరు అన్న: నేనైతే ఇప్పటికీ నోటిఫికేషనే అంటా.