నోట్‌బుక్‌లో గీతలు చూసి జట్టును ఎడమవైపు తిప్పొచ్చా? (స్కూల్ హాకీ)

హన్మకొండ పీఈటీ
మాది అబ్బాయిల జట్టు, అండర్-17. మూడు మ్యాచ్‌లలో బంతి గోల్ ముందున్న అరవృత్తంలోకి, అంటే డీలోకి, ఎటునుంచి పోయింది, పోయాక ఏమైంది అని బెంచీ మీది పిల్లలతో గీతలు పెట్టించాను. మొత్తం 36 సార్లు. కుడి నుంచి 22: షాట్లు 3, పెనాల్టీ కార్నర్లు 2, మిగతా 17 సార్లు బంతి పోగొట్టుకున్నాం. మధ్య నుంచి 9: షాట్లు 3, కార్నర్లు 2. ఎడమ నుంచి 5: షాట్లు 2, కార్నర్ 1. గోల్స్ రెండే. ఎడమవైపు నుంచి ఆడించాలా? లేక ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలా?

లెక్కల మాస్టర్
ఇందులో ఆలోచించేదేముంది సార్? కుడి నుంచి 22లో 5 పనికొచ్చాయి, ఎడమ నుంచి 5లో 3. ఎడమవైపు తిప్పండి. క్లాసులో ఇంతకన్నా తేలికైన భిన్నం ఇవ్వను నేను.

పాత సెంటర్ హాఫ్
మాస్టరు గారూ, భిన్నం సరే, కింద ఉన్నది ఐదు. ఆ మూడింటిలో ఒక్కటి అటో ఇటో అయితే 60 శాతం 40 అవుతుంది, లేదా 80 అవుతుంది. ఒక్క బంతికే ఇంత ఊగే అంకెను నమ్మి జట్టును తిప్పొద్దు.

పీఈటీ సార్, ఆ ఐదూ ఏ మ్యాచ్‌లో వచ్చాయో చూడండి. ఇంకోటి, సగం ఆట తర్వాత జట్లు వైపులు మారతాయి కదా, కుడి గీతల్ని రెండు సగాలకు విడదీసి చెప్పండి. మన గ్రౌండ్లలో వాన పడ్డాక ఒక అంచు బురదగా ఉంటుంది, బంతి గట్టి నేల ఉన్నవైపే పోతుంది. తప్పు నేలదైతే రెండో సగంలో లెక్క తిరగబడాలి.

హన్మకొండ పీఈటీ
చూశాను అన్నా. ఎడమవి ఐదులో నాలుగు ఒకే మ్యాచ్‌లో, సగం మంది కొత్త పిల్లలున్న జట్టు మీద వచ్చాయి. కుడివి మొదటి సగాల్లో 12, రెండో సగాల్లో 10. అంటే నేలది కాదు.

పాత సెంటర్ హాఫ్
అయితే అది స్టిక్‌ది. హాకీలో ఎడమచేతి వాటం స్టిక్ లేదు, చదునైన ముఖంతోనే ఆడాలి. కుడి అంచు వెంట పరుగెత్తే పిల్లవాడి బంతి అతని కుడిపక్కన, బయటివైపు ఉంటుంది. ఎదురొచ్చే డిఫెండర్ దాన్ని అందుకోవాలంటే స్టిక్‌ను ఎడమపక్కకు తిప్పి రివర్స్ పెట్టాలి. ఎడమ అంచులో అయితే అదే బంతి లోపలివైపు, డిఫెండర్ ఫోర్‌హ్యాండ్ ముందే ఉంటుంది. పైగా కుడి నుంచి మధ్యలోకి కొట్టడం చేతికి సులువు. ఎడమ నుంచి కొట్టాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి. అందుకే మీ పిల్లలు ఎవరూ చెప్పకుండానే కుడికి పోతున్నారు. పోవడం తప్పు కాదు. పోయాక 17 బంతులు ఎక్కడ పోయాయన్నది మీ నోట్‌బుక్‌లో లేదు.

ఫోన్ వీడియో ఉంటే ఒక కాగితం మీద డీ బొమ్మ గీసి, బంతి పోయిన ప్రతిచోటా ఒక ఇంటూ పెట్టండి. అంతే, ఇంకేం రాయొద్దు.

జనగామ నాన్న
నా సంగతి చెప్తా. మా అమ్మాయి జట్టులో కూడా ఇలాగే రాశారు, కాకపోతే పేరుపేరునా. మ్యాచ్ అయ్యాక అందరి ముందు చదివారు: “ట్రాప్ తప్పింది, 14 సార్లు”, అంటే వచ్చిన బంతిని ఆపలేకపోయిందని. ఆ రోజు నుంచి మా పిల్ల బంతి అడగడమే మానేసింది. తర్వాతి మ్యాచ్‌లో తప్పులు రెండే, సార్ మెచ్చుకున్నారు కూడా! బంతి ముట్టకపోతే తప్పెలా వస్తుంది?

పాత సెంటర్ హాఫ్
ఈ చర్చలో పనికొచ్చే మాట ఇదే. ఎన్నిసార్లు బంతి అందిందో పక్కన లేకుండా తప్పులు మాత్రం లెక్కపెడితే, దాక్కున్నవాడే గొప్ప ఆటగాడిగా తేలతాడు. స్కూల్ స్థాయిలో పేర్లు రాయొద్దు, చోటు రాస్తే చాలు.

కాజీపేట కోచ్
నేను ఒప్పుకోను. మట్టి గ్రౌండ్‌లో పది బంతుల్లో నాలుగు ఎగిరి మోకాలికి తగులుతాయి. ముందు ట్రాప్, పుష్ నేర్పండి. ఈ గీతలు టర్ఫ్ మీద ఆడే జట్లకు. బెంచీ మీది పిల్లవాడు ఆట చూసి నేర్చుకోవాల్సిన టైమ్‌లో గుమాస్తా పని చేయిస్తున్నారు.

రైట్‌వింగ్ 11
ఈ గీతల పుస్తకం స్పోర్ట్స్ కోటా సీటుకు పనికొస్తుందా సార్? సర్టిఫికెట్‌తో పాటు పెట్టొచ్చా?

హన్మకొండ పీఈటీ
తమ్ముడూ, కోటాకు దీనికీ సంబంధం లేదు. ఇది మా ప్రాక్టీస్ కోసం.

వీడియోలు రెండు మ్యాచ్‌లకే ఉన్నాయి. కుడివైపు పోయిన 12 బంతులకు ఇంటూలు పెట్టాం. ఎనిమిది ఒకేచోట, డీ లోపల కుడి మూలలో, బ్యాక్‌లైన్ పక్కన. వింగర్ గీత దాకా వస్తున్నాడు, తల ఎత్తి చూస్తున్నాడు, గోల్ ముందు మనవాడు ఒక్కడూ లేడు. ఇద్దరు డిఫెండర్లు మీద పడుతున్నారు. ఇన్నాళ్ళూ వాడినే తిట్టాను, “బంతి పట్టుకుని నిలబడతావేంరా” అని.

ఒక ఇబ్బంది ఉంది. ఇద్దరు పిల్లలు ఒకే మ్యాచ్‌ను విడివిడిగా లెక్కపెడితే ఒకడికి 14, ఇంకొకడికి 9 వచ్చాయి.

పాత సెంటర్ హాఫ్
ఎవరి స్టిక్కూ తగలకుండా డీలోకి దొర్లిన బంతిని ఒకడు రాసుంటాడు, ఇంకొకడు వదిలేసుంటాడు. మాట ఒకటి ఖాయం చేయండి: డీ లోపల మన స్టిక్ తగిలితేనే గీత. తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక క్వార్టర్ వీడియో మళ్ళీ రాయించండి. తేడా ఒకటి రెండు దాటితే ఎక్కడ విడిపోయారో బంతి బంతికీ ఆపి చూడండి. ఆ తేడా తగ్గేదాకా ఆ పుస్తకంతో ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. మీ 36 కూడా కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ ఆ మూలలోని ఎనిమిది మీరే వీడియోలో చూశారు కాబట్టి వాటి మీద పని మొదలుపెట్టొచ్చు.

ప్రాక్టీస్‌కు నేనైతే ఇలా చేస్తాను. కుడివైపు 23 మీటర్ల గీత దగ్గర నుంచి ముగ్గురు మనవాళ్ళు, ఇద్దరు డిఫెండర్లు, ఒక గోల్‌కీపర్. వింగర్ బ్యాక్‌లైన్ వైపు పోగానే ఒకడు పెనాల్టీ స్పాట్ మీదకు, ఇంకొకడు డీ అంచు దగ్గరకు రావాలి. వింగర్ బంతిని వెనక్కి వాళ్ళకు ఇవ్వాలి, గోల్‌కీపర్ మీదకు కాదు. స్పాట్‌కు, గోల్ గీతకు మధ్య దూరం 6.4 మీటర్లు, అక్కడ పిల్లలకు పుష్ చాలు, పెద్ద హిట్ అక్కర్లేదు. లోపలికి దారి లేకపోతే డిఫెండర్ పాదానికేసి ఆడమనండి, కార్నర్ వస్తుంది. పాదం వెతుకుతూ బంతి ఎత్తేయకుండా మాత్రం చూసుకోండి.

తర్వాతి మ్యాచ్‌లో గోల్స్ లెక్కపెట్టొద్దు. వింగర్ మూలకు చేరినప్పుడు స్పాట్ దగ్గర మనవాడు ఉన్నాడా లేడా, అదొక్కటే గీత.

కాజీపేట కోచ్
స్పాట్ దగ్గరకు ఇద్దరు పరుగెత్తితే, బంతి పోయినప్పుడు వెనక ఎవరుంటారు? అది ఎవరు రాస్తారు?

పాత సెంటర్ హాఫ్
న్యాయమైన ప్రశ్న. రైట్ హాఫ్ 23 మీటర్ల గీత దాటకుండా ఆగాలి. ఆగకపోతే ఎదురు దాడిలో గోల్ తింటారు. ఆ గీత కూడా పెట్టాల్సిందే.

హన్మకొండ పీఈటీ
నిన్న ఒక ఫ్రెండ్లీ ఆడాం. మూలకు 7 సార్లు చేరాం, 4 సార్లు స్పాట్ దగ్గర మనవాడున్నాడు. గోల్ రాలేదు, ఒక కార్నర్ వచ్చింది. రైట్ హాఫ్ మాత్రం ఆగలేదు, దాంతోనే ఒకటి తిన్నాం. కోచ్ సార్ చెప్పిందే జరిగింది.

లెక్కల మాస్టర్
ఏడులో నాలుగు. మళ్ళీ చిన్న అంకెనే కదా?

హన్మకొండ పీఈటీ
అవును మాస్టారూ. శనివారం ఇంకో మ్యాచ్ ఉంది, అదీ కలిపి పెడతా.