కూరగాయల ధరల లెక్క పెడితే చిన్న బ్లాగుకి బ్యాక్‌లింకులు వస్తాయా?

వంటింటి పద్దు: ఇంటి ఖర్చుల మీద బ్లాగు రాస్తున్నాను, గుంటూరు నుంచి. బయటి సైట్ల లింకులు ఒకటో రెండో ఉన్నాయి, కొనడం ఇష్టం లేదు. రైతుబజారు, తోపుడుబండి, సూపర్‌మార్కెట్ ధరలు రోజూ రాసిపెడితే ఎవరైనా లింకు ఇస్తారా?

పాతిక లింకులు: అంత శ్రమ ఎందుకండీ? పాతికమంది బ్లాగర్లు గ్రూపు కట్టి ఒకరికొకరు ఇచ్చుకుంటే సరి. డబ్బు చేతులు మారదు కాబట్టి తప్పు కాదు. ర్యాంకుకి లెక్కపెట్టొద్దని గూగుల్‌కి చెప్పే nofollow గుర్తున్న లింకు మాత్రం దండగ.

సాలెగూడు: డబ్బు లేకపోయినా, లింకుల కోసమే పెద్దఎత్తున ఇచ్చిపుచ్చుకోవడాన్ని గూగుల్ స్పామ్ కిందే లెక్కగడుతుంది. ఇద్దరు బ్లాగర్లు నిజంగా పనికొచ్చి ఒకరి పోస్టు ఒకరు ప్రస్తావించుకుంటే అది వేరే సంగతి. nofollow విషయంలో మీ మాట సగం నిజం. 2019 నుంచి గూగుల్ దాన్ని కేవలం సూచనగా చూస్తోంది. పైగా వార్తాసైటు ఇచ్చేది nofollow లింకైనా దాని నుంచి మనుషులొస్తారు, వాళ్లలో ఒకరు తమ పేజీలో మామూలు లింకు పెట్టొచ్చు.

వంటింటి పద్దు గారూ, ధరల ఆలోచన మంచిది, కాకపోతే వస్తువులు తగ్గించండి. టమాట, ఉల్లి, బెండ, వంకాయ, పచ్చిమిర్చి చాలు. 12 వారాలు, వారానికి మూడు రోజులు, అదే గంటకి వెళ్లండి. పొద్దున ధర, సాయంత్రం బండి మీద మిగిలిన సరుకు ధర కలిపేస్తే పోలిక చెడిపోతుంది. రైతుబజారు ధరల బోర్డును తేదీతో ఫోటో తీయండి. ఎవరైనా "ఇది నిజమేనా" అంటే చూపించడానికి అదే ఆధారం. సూపర్‌మార్కెట్‌లో అరకిలో ప్యాకెట్ ధర ఉంటుంది, దాన్ని కిలోకి మార్చాకే రాయాలి. వెళ్లలేని రోజు గడి ఖాళీగా వదిలేయండి. అటూ ఇటూ చూసి సగటు నింపితే అది లెక్క కాదు, ఊహ. ఫైలు మొదటి వరుసలో గడుల పేర్లు ఇలా పెట్టుకోండి:

```
date,place,item,pack_kg,price_rs,rs_per_kg,photo
```

కొత్తిమీర కట్ట: నేను యాభై బ్లాగుల కామెంట్లలో నా అడ్రస్ పెట్టాను. గూగుల్ సెర్చ్ కన్సోల్ లింకుల రిపోర్టులో ఒక్కటీ కనబడటం లేదు. సెట్టింగ్ ఏదైనా మార్చాలా?

సాలెగూడు: సెట్టింగ్ సమస్య కాదండీ. ఆ రిపోర్టు అన్ని లింకులూ చూపించదు, చూపించేవీ ఆలస్యంగా వస్తాయి. కానీ మీరు పెట్టినవి కనబడినా పెద్దగా ఉపయోగం లేదు. సంబంధం లేని కామెంట్లు తీసేయడం మేలు.

వంటింటి పద్దు: ఫైలు పెట్టాను. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా ఉన్నాయి.

సాలెగూడు: అసలు పట్టికను ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు "CSV UTF-8" ఎంచుకోండి. పేజీ అడ్రస్‌లో సంవత్సరం పెట్టకండి. వచ్చే ఏడాది కొత్త ధరలు చేర్చినా పాత లింకులన్నీ అదే పేజీకి రావాలి. ఎక్కడ, ఏ గంటకి, ఎలా రాశారో ఆరేడు వాక్యాల్లో పైనే చెప్పండి. "ఇవి గుంటూరులో నేను చూసిన ధరలు మాత్రమే" అన్న మాట తప్పకుండా ఉండాలి.

గ్రంథాలయం మెట్లు: కాలేజీ లైబ్రరీ లింకుల పేజీ చూసే పని నాది. మాకొచ్చే మెయిళ్లలో చాలావాటికి మా పేజీలో ఏముందో కూడా తెలియదు, అవి చదవకుండానే పోతాయి. మాలాంటి లింకుల పేజీల కోసం గూగుల్‌లో ఇలా వెతకండి:

```
intitle:"useful links" consumer prices site:ac.in
```

దొరికిన పేజీలో సగం లింకులు చచ్చిపోయి ఉంటే దాన్ని ఎవరూ చూసుకోవడం లేదని అర్థం, వదిలేయండి. ఒకటో రెండో పనిచేయకపోతే అది మీకు అవకాశం. మెయిల్ ఇంత చాలు:

"నమస్కారమండి. మీ 'వినియోగదారుల సమాచారం' పేజీలో నాలుగో లింకు తెరుచుకోవడం లేదు. గుంటూరులో ఐదు కూరగాయల ధరలు 12 వారాలు నమోదు చేసి, ఫైలుతో సహా ఈ పేజీలో ఉంచాను. మీ విద్యార్థులకు పనికొస్తుందనిపిస్తే చేర్చగలరు. లేకపోయినా ఆ లింకు సంగతి తెలియజేద్దామని రాశాను."

లింకు మీద ఏ పదాలుండాలో మీరు చెప్పొద్దు. అలా చెబితే అమ్మకం మెయిల్ అనుకుంటాం. పదిహేను పేజీలకి విడివిడిగా రాయండి, ఒకే మెయిల్ అందరికీ తోయకండి.

పాతిక లింకులు: జవాబు రాకపోతే మూడుసార్లు గుర్తుచేయాలంటారు కదా?

గ్రంథాలయం మెట్లు: పది రోజులాగి ఒక్కసారి, అంతే. మూడోది చూస్తే నేనైతే బ్లాక్ చేస్తాను.

సాలెగూడు: నేను ఆ ఒక్కటీ పంపొద్దంటాను. కొత్త నెల ధరలు చేర్చినప్పుడు రాస్తే చెప్పడానికి కొత్త సంగతి ఉంటుంది.

వంటింటి పద్దు: ఒక పత్రిక సైటు నా పట్టిక ఫోటో వాడుకుని, పేరు వేసి లింకు ఇవ్వకపోతే?

సాలెగూడు: ముందు థాంక్స్ చెప్పండి. తర్వాత "పాఠకులు పూర్తి ఫైలు చూడటానికి పేజీ అడ్రస్ ఇది" అని ఆ వార్త రాసినవారికే పంపండి. కొందరు చేరుస్తారు. కొన్ని సైట్లు బయటికి లింకు ఇవ్వకూడదని నియమం పెట్టుకుంటాయి, అక్కడ ఇంక అడగొద్దు.

కొత్తిమీర కట్ట: నాది వంటల బ్లాగు. కిలో బియ్యానికి ఎన్ని ఇడ్లీలు వస్తాయో లెక్కపెడితే అది డేటా అవుతుందా?

గ్రంథాలయం మెట్లు: ఇడ్లీరవ్వతోనా, బియ్యం నానబెట్టి రుబ్బా? పప్పు ఎంత, ఇడ్లీ ప్లేటు గుంటలో పిండి ఎన్ని గ్రాములు పడుతుంది, ఇవి తూచి పదిసార్లు రాస్తే అవుతుంది.