సీలింగ్ ఫ్యాను రెక్కల మీద జిడ్డు దుమ్ము: దులిపితే ఇల్లంతా, తుడిస్తే బురద

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. ఫ్యాను రెక్కలు చీపురుతో దులిపితే సగం బల్ల మీద, సగం నా నెత్తిన. సరే అని తడిగుడ్డ పెడితే నల్లటి బురదలా పూసుకుపోయింది తప్ప వదలట్లేదు. సోడా కూడా వాడి చూశాను, ఇంకా అసహ్యంగా తయారైంది. పైన గూట్లో కూడా ఇదే రకం దుమ్ము. లక్ష్మివారం పూజ దగ్గరికొచ్చేసింది. దుమ్ము ఎగరకుండా ఎలా తియ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి. వీడియోల్లో చూపించినవన్నీ అయిపోయాయి, మళ్లీ అవే పంపకండి.

వంశధార
ఏ గది ఫ్యాను? రెక్కలు ఏ రంగు? ఏ సోడా? గూడు చెక్కదా, సిమెంటుదా? ఇవి లేకుండా ఎవరు ఏం చెప్పగలరు.

బరంపురం బాబాయి
అమ్మా, అసలు కారణం ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మన ఒడిశా వైపు తెలుగువాళ్లం కూడా ఆవనూనెకి అలవాటు పడిపోయాం. ఆవనూనె బాగా పొగ వచ్చేదాకా కాగితే గానీ పోపు వెయ్యరు. ఆ పొగే గోడలకీ ఫ్యాన్లకీ పట్టేది. నూనె మార్చండి, ఫ్యాను దానంతట అదే శుభ్రంగా ఉంటుంది. పొద్దుతిరుగుడు నూనె తేలిక, పొగ ఉండదు.

మహేంద్రతనయ
బాబాయ్ గారూ, ఇప్పుడు ఉన్న జిడ్డు పోవాలి కదండీ ముందు.
వంశధార గారూ, వంటింటి పక్కన భోజనాల గది. మధ్యలో తలుపు లేదు, కమాను మాత్రమే. ఫ్యాను ముదురు గోధుమ రంగు, అంచున బంగారు గీత. సోడా అంటే ఇంట్లో ఉన్నదే, వేడినీళ్లలో గుప్పెడు.

రాజా టిఫిన్స్
మా కొట్లో ఎగ్జాస్టు ఫ్యాను కూడా ఇలాగే ఉంది, జిడ్డు కారి గోడ మీద పడుతోంది. దానికి ఏం వాడాలి?

నాగావళి (రాయగడ)
వంటింటి పక్క గది అన్నారు కాబట్టి సంగతి తేలింది. రెక్క మీద ఉన్నది ఒక పొర కాదు, రెండు. పైన దూదిలాంటి పొడి దుమ్ము, దాని కింద నూనె ఆవిరి ఆరి బంకలా మారిన పొర. తడిగుడ్డ నేరుగా పెడితే పైదంతా నీళ్లలో కలిసి బురదవుతుంది, కింది బంకకి నీళ్లు అంటవు, అందుకే పూసుకుపోయింది. రెండూ ఒక్క దెబ్బతో తియ్యాలని చూడకండి, విడివిడిగా తియ్యండి.

ముందు మెయిన్ దగ్గర ఆ గది ఎంసీబీ దించండి. రెగ్యులేటరు సున్నాలో పెట్టడం, స్విచ్చి కట్టెయ్యడం చాలవు. కొన్ని ఇళ్లలో స్విచ్చి ఫేజు తీగ మీద కాకుండా న్యూట్రలు మీద ఉంటుంది, అప్పుడు ఆపినా లోపల కరెంటు ఉన్నట్టే. ఇంకో మాట, పక్క గదుల్లో ఫ్యాన్లు కూడా ఆపి కిటికీలు మూసుకోండి. ఆ గాలికి దుమ్ము ఇంకా ఎగురుతుంది. బల్ల మీదా కిందా పాత దుప్పటి పరవండి. ముక్కుకి తువ్వాలు, కళ్లద్దాలు ఉంటే పెట్టుకోండి. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కొద్దు, మెట్ల స్టూలు తెచ్చుకోండి.

పొడి దుమ్ముకి పాత దిండు గలీబు. రెక్క కొస నుంచి గలీబుని తొడిగి మోటారు దాకా తోసెయ్యండి. రెండు చేతులతో పైనుంచీ కిందనుంచీ గలీబుతో సహా అదిమి పట్టుకుని మెల్లగా కొస వైపు లాగండి. దుమ్ము గలీబు లోపలే ఉండిపోతుంది. ఊడి వచ్చేటప్పుడు గలీబు మూతిని ముడిచెయ్యండి, లేదంటే ఆఖరి క్షణంలో అంతా మీద పడుతుంది. గాలిని కోసే అంచున దుమ్ము గడ్డంలా మందంగా వేలాడుతుంటుంది చూడండి, అక్కడ రెండోసారి లాగాలి. మూడు రెక్కలూ పొడిగా అయ్యేదాకా నీళ్లు ముట్టుకోకండి.

తర్వాత బంక. అర లీటరు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం ఒక చిన్న చెంచా, అంతకన్నా వద్దు, ఎక్కువైతే నురగ కడగలేక చస్తారు. గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, రెక్క చుట్టూ కప్పి 10 నిమిషాలు వదిలెయ్యండి. రుద్దడం కాదు, నానడమే పని చేసేది. ఆ తర్వాత మోటారు దగ్గర నుంచి కొస వైపు ఒకే దిశలో తుడవండి, ఇంకో చెయ్యి రెక్క కింద ఆనించి ఉంచండి. ఒక్కసారి తుడవగానే గుడ్డ మడత మార్చాలి, మాసిన వైపుతో మళ్లీ రుద్దితే అదే మురికి పైకి పూస్తున్నట్టు. చివర మంచినీళ్ల గుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ. మోటారు మీద ఏదీ స్ప్రే చెయ్యొద్దు, పొడిగుడ్డతో తుడిచి వదిలెయ్యండి. బేరింగులోకి నీళ్లు దిగితే కొన్నాళ్లకి కీచుమంటుంది.

జయపురం మేష్టారు
ఇంత తతంగం దేనికి? చాకలి సోడా వేడినీళ్లలో కలిపి రుద్దితే ఎంతటి జిడ్డయినా పోతుంది. క్షారం నూనెని సబ్బుగా మారుస్తుంది. ఇది రసాయనశాస్త్రం, స్కూల్లో అందరూ చదువుకున్నదే. ఆవిడ బహుశా తినే సోడా వేసి ఉంటుంది, అందుకే పనిచెయ్యలేదు.

మహేంద్రతనయ
కాదు మేష్టారూ, బట్టలకి వాడే సోడానే. అది రుద్దిన చోట ఇప్పుడు తెల్లటి మచ్చ కనిపిస్తోంది.

నాగావళి
మేష్టారు చెప్పింది ఇనప పెనానికీ స్టీలు గిన్నెకీ సరిగ్గా సరిపోతుంది. ఫ్యాను రెక్క ఎక్కువగా అల్యూమినియం రేకు, మీద రంగు. చాకలి సోడా అల్యూమినియాన్ని తింటుంది. రంగు గట్టిగా ఉన్నంతసేపూ పర్వాలేదు. అంచున గీత పడిన చోటా, స్క్రూల చుట్టూ లోహం బయటపడితే అక్కడి నుంచి రంగు కింద పాకి పొలుసుల్లా లేస్తుంది. గుప్పెడు, అదీ వేడినీళ్లలో అంటే చాలా ఘాటు.

ఆ మచ్చ ఏమిటో తేల్చుకోవడం తేలికే. గ్లాసు నీళ్లలో ఒక చెంచా వెనిగరు కలిపి, గుడ్డతో ఆ మచ్చ మీద ఒక్కసారి అద్ది, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. మచ్చ పోతే అది ఆరిపోయిన సోడా. తడిగా ఉన్నప్పుడు మాయమై, ఆరగానే మళ్లీ కనిపిస్తే రంగు నిగారింపు పోయినట్టు. అప్పుడిక రుద్దకండి, రుద్దిన కొద్దీ మచ్చ పెరుగుతుంది.

నూనె సంగతి. బాబాయ్ గారూ, బంక కట్టడంలో పొద్దుతిరుగుడు ఆవనూనె కన్నా ముందుంటుంది, అది గాలికి తొందరగా ఆరి గట్టిపడే రకం. కారణం నూనె పేరులో లేదు, వేపుళ్లలో ఉంది, పొగ బయటికి పోయే దారి లేకపోవడంలో ఉంది.

బరంపురం బాబాయి
ఆరోగ్యానికి ఏది మంచిదో వేరే చర్చ పెడతాను.

వంశధార
కిరసనాయిలు ఒక్క తుడుపు. అయిపోయింది.

నాగావళి
జిడ్డు పోతుంది, కాదనను. కానీ ఆ బంగారు గీత చాలా ఫ్యాన్లలో పైన అద్దినదే, దాంతో పాటు పోతుంది. మధ్య మూత ప్లాస్టిక్ అయితే మసకబారుతుంది. పైగా పక్కనే గ్యాసు పొయ్యి. బంక మరీ పాతదైతే దానికి ఇంట్లోనే మందు ఉంది. గోరుతో గీకి చూడండి, మెత్తగా ఉండల్లా చుట్టుకుని వస్తే సబ్బునీళ్లు చాలు. గోరుకి లొంగకపోతే రెండు చుక్కల వంటనూనె గుడ్డ మీద వేసి అక్కడ రాసి 10 నిమిషాలు ఆగండి. పాత నూనెని కొత్త నూనె మెత్తబరుస్తుంది. తర్వాత సబ్బునీళ్లతో ఆ నూనె మొత్తం తియ్యాలి, కొంచెం మిగిలినా దుమ్ముకి మళ్లీ వల వేసినట్టే. కొబ్బరినూనె పూస్తే దుమ్ము పట్టదని చెప్పేవాళ్ల మాట అందుకే వినకండి.

జయపురం మేష్టారు
పలచగా కలిపితే సోడాతో ఏమీ కాదు. అర లీటరుకి అర చెంచా. నా మాట అదే.

మహేంద్రతనయ
రెండు రెక్కలు అయ్యాయి, గలీబు పద్ధతి బాగుంది. మూడోది రేపు చేస్తాను. గూటి సంగతి ఎవరూ చెప్పలేదు.

నాగావళి
మూడోది రేపటికి వదిలితే ఈ రాత్రి ఫ్యాను తిప్పకండి. ఒక రెక్క బరువుగా, రెండు తేలిగ్గా ఉంటే ఊగుతుంది, ఆ ఊపుకి మూడో రెక్క దుమ్ము శుభ్రం చేసిన వాటి మీదే పడుతుంది. మూడూ అయ్యాక కూడా ఊగితే రెక్క వంగిందేమో చూడండి. ఒక పుల్లని కప్పు నుంచి రెక్క కొస దాకా నిలబెట్టి గుర్తు పెట్టుకోండి, రెక్కలని చేత్తో తిప్పుతూ పుల్ల ఉన్న చోటుకే ఒక్కోదాన్ని తెచ్చి కొలవండి. ఒకటి మాత్రం తేడాగా ఉంటే తుడిచేటప్పుడు అదిమిన రెక్క అదే. తేడా లేకపోతే రెక్క బిగించే స్క్రూలు వదులయ్యాయేమో చూసుకోవాలి.

గూడు దేంతో కట్టారో ఇంకా చెప్పలేదు మీరు.

మహేంద్రతనయ
సిమెంటు పలకండీ, సున్నం వేసింది. పాత ఇత్తడి సామాను పెడతాం.

వంశధార
దాన్ని సజ్జ అంటారు. గూడంటే గోడలోపలికి ఉండేది.

బరంపురం బాబాయి
మా వైపు అటక అనే అంటాం.

నాగావళి
పేరేదైనా సున్నం అన్నారు కదా, నీళ్లు పెట్టొద్దు. సున్నం తడిసి ఊడి దుమ్ముతో కలిసి బురదలా పూసుకుపోతుంది. సామాను దించాక, వడ్రంగి కార్ఖానాలో దొరికే రంపపు పొట్టు రెండు దోసెళ్లు తెచ్చుకుని కొద్దిగా నీళ్లు చల్లి కలపండి. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద నిలవాలి, చుక్క రాలకూడదు. దాన్ని వేలెడు మందాన చల్లి ఓ అయిదు నిమిషాలు ఆగి, మెత్తటి బ్రష్షుతో వెనక గోడ నుంచి మీ వైపు మెల్లగా పోగు చేసి చేటలోకి లాగండి. తడి పొట్టు దుమ్మును పట్టేస్తుంది, ఎగరదు. టేకు పొట్టు వద్దు, తడి తగిలితే సున్నం మీద పసుపు మరక పడుతుంది. పొట్టు దొరక్కపోతే చింపిన పేపరు ముక్కలు ఇలాగే తడిపి వాడొచ్చు, కానీ మూలల్లోకి అంతగా వెళ్లవు. గూడు ముందు చెయ్యండి, ఫ్యాను తర్వాత. మీరు తిరగేశారు, కాబట్టి రెండు రెక్కలకీ గలీబు తొడిగి ఉంచి గూడు పని చూడండి.

పొయ్యి వైపు ఉన్న అంచులో సున్నం నూనె పీల్చి నల్లబడి ఉంటే అది తుడిస్తే పోయేది కాదు. రేకు పట్టీతో గీకి మళ్లీ సున్నం కొట్టాలి. నూనె మీదే కొత్త సున్నం వేస్తే పెచ్చులుగా రాలుతుంది. అయ్యాక పాత పేపర్లు పరిచి సామాను పెట్టండి, అంచు బయటికి వేలాడకుండా. మళ్లీసారికి పేపరు లోపలికి మడిచి దించేస్తే సరి.

జయపురం మేష్టారు
ఇత్తడికి మాత్రం చింతపండే. అక్కడ సోడా అననులెండి.

మహేంద్రతనయ
మచ్చ మీద వెనిగరు పెట్టాను. కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆరాక మళ్లీ కనిపిస్తోంది. ఉంటే ఉందిలెండి, కింద నుంచి తెలియట్లేదు. పొట్టు తేవడానికి మావాణ్ణి పంపాను. థాంక్స్ అందరికీ.

నాగావళి
కొంచెం తగ్గిందంటే సోడా కూడా ఉంది, రంగు కూడా పోయింది. ఇక ముట్టుకోకండి.

రాజా టిఫిన్స్
నా ఎగ్జాస్టు ఫ్యాను గురించి ఎవరైనా చెబుతారా?

వంశధార
ఏ సైజు? లోహమా, ప్లాస్టిక్కా?