అమ్మోనియా ఎక్కువ పోస్తే కాపర్ పీక్ వెనక్కి ఎందుకు పోతోంది? జాన్–టెల్లర్ తెలిసినవాళ్లు చెప్పండి

నీలితొట్టి
కాపర్ సల్ఫేట్ 0.01 మోలార్, 1 సెం.మీ క్యువెట్. నీళ్లలో 800 నానోమీటర్ల దగ్గర ఒకే ఒక వెడల్పాటి హంప్, అబ్సార్బెన్స్ 0.12. అమ్మోనియా 1 మోలార్ ఉండేలా పోస్తే పీక్ 610కి వచ్చింది, రంగు ముదిరింది. ఇక్కడివరకు అర్థమైంది. అమ్మోనియా నీళ్లకంటే బలమైన లిగాండ్ కదా అని లికర్ అమ్మోనియాతో 12 మోలార్ దాకా తీసుకెళ్లాను. పీక్ 550 వైపు జరుగుతుందనుకుంటే 640కి వెనక్కి వచ్చింది. పైగా అబ్సార్బెన్స్ పెరిగింది. ఇంకో సందేహం: z అక్షం మీది బంధాలు సాగితే మూడు ట్రాన్సిషన్లు రావాలంటారు. నాకు ఎప్పుడు చూసినా ఒకటే హంప్. తప్పు ఎక్కడ?

నెట్_ర్యాంకు_కావాలి
d⁹ లో e_g మీద మూడు ఎలక్ట్రాన్లు, కాబట్టి డిస్టార్షన్ గ్యారంటీ. d(z²) కిందికి, d(x²−y²) పైకి. మూడు పీకులు వచ్చి తీరాలి. మీ మెషీన్ స్లిట్ వెడల్పు ఎక్కువై అన్నీ కలిసిపోయుంటాయి. స్లిట్ 0.5 నానోమీటర్‌కి తగ్గించి స్కాన్ చేయండి, విడిపోతాయి. 640 అంటారా, అమ్మోనియాలో హైడ్రాక్సైడ్ ఏర్పడి ఉంటుంది.

పాతల్యాబ్
తమ్ముడూ, మొదటి రెండు వాక్యాలు సరే, స్లిట్ మాట మాత్రం కాదు. ద్రావణంలో ఈ బ్యాండు సగం ఎత్తు దగ్గరే నాలుగైదు వేల సెం.మీ⁻¹ వెడల్పు ఉంటుంది. లోపలి మూడు ట్రాన్సిషన్ల మధ్య దూరాలు అంతకంటే తక్కువ. అందుకే ఒకదానిమీద ఒకటి పడి ఒకే దిబ్బలా కనిపిస్తాయి. స్లిట్ సన్నం చేస్తే నాయిస్ పెరుగుతుంది తప్ప అవి విడిపోవు. విడివిడిగా చూడాలంటే ఒకే క్రిస్టల్ తీసుకుని, పోలరైజ్డ్ వెలుగుతో, తక్కువ టెంపరేచర్లో చూడాలి.

నీళ్లలో తీసిన స్పెక్ట్రమ్‌ని 1100 దాకా పొడిగించి చూడండి. 800కి కుడివైపు వాలు ఎడమవైపు కంటే నెమ్మదిగా దిగుతుంది. ఆ అసమానతే మీకు దొరికే ఆనవాలు. కానీ జాగ్రత్త, 970 దగ్గర నీటి సొంత ఓవర్‌టోన్ ఉంది, 1 సెం.మీ లో సుమారు 0.2 అబ్సార్బెన్స్ ఇస్తుంది. బ్లాంక్‌గా అదే ద్రావకం, అదే క్యువెట్ పెట్టకపోతే ఆ బుడిపెనే షోల్డర్ అనుకుంటారు. 700 దగ్గర ఆగిపోయే ఫిల్టర్ కలరీమీటర్లో నీళ్లలోని కాపర్‌కి «లాంబ్డా మాక్స్ 700» అని రాసిన రికార్డులు కోకొల్లలు. అది పీక్ కాదు, పరికరం ఆగిన చోటు.

స్పెక్ట్రో_బాబాయ్
అసలు ప్రశ్న 640 గురించి. హైడ్రాక్సైడ్ కాదు. అది ఏర్పడితే ద్రావణం మసకబారి, 400 దగ్గర కూడా బేస్‌లైన్ లేస్తుంది. నీలితొట్టిగారూ, మీ స్కాన్‌లో 400 దగ్గర సున్నాకి ఆనుకుని ఉందా? ఉంటే ఆ అనుమానం వదిలేయండి.

కాపర్ దగ్గర లెక్క ఇలా. d(x²−y²) లో ఒక్క ఎలక్ట్రాన్ ఉంది, అంటే ఒక ఖాళీ. మీరు చూసే ప్రతి ట్రాన్సిషనూ కింది ఆర్బిటాల్ నుంచి ఆ ఖాళీలోకి ఎక్కడమే. కాబట్టి పీక్ ఎక్కడుంటుందో తేల్చేది d(x²−y²) ఎంత ఎత్తున ఉంది, కిందివాళ్లు ఎంత లోతున ఉన్నారు అనే రెండు సంగతులు. నాలుగు అమ్మోనియాలు ఒకే తలంలో గట్టిగా దగ్గరకొస్తే ఆ ఖాళీ బాగా పైకి లేస్తుంది. పైనా కిందా నీళ్లు దూరంగా వదులుగా ఉండడంతో d(z²) దిగుతుంది. 12,500 సెం.మీ⁻¹ నుంచి 16,500 దాకా గెంతు అందుకే.

ఐదో అమ్మోనియా వచ్చేది తలంలోకి కాదు, z అక్షం మీదికి. అది d(z²) ని పైకి నెడుతుంది. అదొచ్చాక తలంలోని నాలుగు బంధాలూ కొంచెం వదులై ఖాళీ కిందికి దిగుతుంది. రెండు వైపుల నుంచీ దూరం తగ్గింది, పీక్ ఎరుపు వైపు జరిగింది. ఒకవైపే లిగాండ్ గట్టిగా ఉండడంతో సౌష్ఠవ కేంద్రం పోయింది, d–d ట్రాన్సిషన్ మీద నిషేధం సడలి తీవ్రత పెరిగింది. మీ రెండు గమనికలకూ కారణం ఒకటే.

జానిక్ బ్యెరుమ్ 1940ల్లో దశలవారీ స్థిరాంకాలు కొలిచినప్పుడు ఇది అంకెల్లోనే దొరికింది. లాగ్ విలువలు సుమారుగా 4.1, 3.5, 2.9, 2.1, ఆ తర్వాత ఒక్కసారిగా −0.5. నికెల్‌కి 2.8, 2.2, 1.7, 1.2, 0.75, 0.03 అని మెట్లు మెట్లుగా దిగుతుంది, ఎక్కడా అంత పెద్ద మెట్టు లేదు. కాపర్‌లో నాలుగో అమ్మోనియా తర్వాత కనబడేది జాన్–టెల్లర్ గొయ్యే.

ఐదో స్థిరాంకం 0.3 అనుకుని మీ ద్రావణాలకు వేయండి. 12 మోలార్ దగ్గర 0.3 × 12 = 3.6, అంటే 3.6/4.6, దాదాపు 78 శాతం పెంటా. 1 మోలార్ దగ్గరే 23 శాతం ఉంది! మీకు 600 కాకుండా 610 రావడానికి కారణం అదే. కల్తీలేని టెట్రా కావాలంటే స్వేచ్ఛగా ఉన్న అమ్మోనియా 0.2 మోలార్ చాలు. అక్కడ పెంటా 6 శాతం లోపే, ట్రై నాలుగు శాతం. కాపర్ 0.01 మోలార్ తినేసే 0.04 కలుపుకుని మొత్తం 0.24 పోయండి. అమ్మోనియం నైట్రేట్ 1 నుంచి 2 మోలార్ ముందే ఉంచితే మొదట్లో వచ్చే ఆ లేతనీలం మడ్డి రాదు. క్యువెట్‌కి మూత తప్పనిసరి, లేకపోతే పది నిమిషాల్లోనే అమ్మోనియా ఎగిరిపోయి రీడింగ్ జారుతుంది.

వెంకట_కెమ్
బాబాయ్, z మీద సాగడమే ఎందుకు? అణగినా డిజెనరసీ పోతుంది కదా. పుస్తకాల్లో ఇక్కడ జారుకుంటారు.

స్పెక్ట్రో_బాబాయ్
సరైన చోట పట్టుకున్నావు. 1937లో జాన్, టెల్లర్ చెప్పింది «డిజెనరేట్ స్థితి అలాగే నిలబడదు, ఏదో రకంగా వంగుతుంది» అని మాత్రమే. ఎటు వంగాలో చెప్పలేదు. ఎలక్ట్రాన్ల లెక్కలో సాగినా అణగినా మొదటి మెట్టులో లాభం సమానం, δ/2.

తేడా బంధాల నుంచి వస్తుంది. సాగితే రెండు బంధాలు 2x చొప్పున పొడవై, నాలుగు x చొప్పున కురచవుతాయి. అణగితే దీనికి తలకిందులు. బంధాన్ని నొక్కడం కంటే లాగడం చౌక. కాబట్టి శక్తిలో స్థానచలనపు ఘనానికి రుణ గుర్తు పడుతుంది. ఘనాలు కూడి చూడు: సాగితే 2 × 8x³ − 4x³ = +12x³. అణగితే −12x³. స్ప్రింగు ఖర్చు రెంటికీ ఒకటే, కానీ ఈ ఘనం పదం సాగినదాన్ని కిందికి దించుతుంది. దానికి తోడు, z మీది బంధాలు సాగినప్పుడు 4s ఆర్బిటాల్ d(z²) తో కలిసి దాన్ని ఇంకొంచెం కిందికి నెడుతుంది. ఈ రెంటిలో ఏది ఎంత అన్నది లిగాండ్‌ని బట్టి మారుతుంది, ఒక్క మాటలో తేల్చలేం.

ఫలితం క్రిస్టల్‌లో కళ్లకు కడుతుంది. CuF₂ లో నాలుగు బంధాలు 1.93 ఆంగ్‌స్ట్రామ్‌లు, రెండు 2.27. CuCl₂ లో 2.30, 2.95. హై స్పిన్ d⁴ అయిన క్రోమియం(II) ఫ్లోరైడ్ కూడా ఇదే దారి. లో స్పిన్ d⁷ కీ కారణం అదే, e_g మీద బేసి ఎలక్ట్రాన్.

గోదారి_నికెల్
నాకూ ఇదే సమస్య అండీ. నికెల్ సల్ఫేట్ ద్రావణంలో 650, 720 దగ్గర రెండు బుడిపెలు. జాన్–టెల్లర్ అని రికార్డులో రాసేశాను. సరేనా?

పాతల్యాబ్
కొట్టేయండి. నికెల్(II) d⁸, ఆక్టాహెడ్రల్‌లో e_g మీద రెండు ఎలక్ట్రాన్లు చెరో ఆర్బిటాల్‌లో. కింది స్థితి ³A₂g, డిజెనరసీయే లేదు. ఆ రెండు బుడిపెలకు కారణం అక్కడ దగ్గర్లోనే ఉన్న స్పిన్ నిషిద్ధ ¹E_g స్థితి. స్పిన్–ఆర్బిట్ జోడింపుతో అది ³T₁g తో కలిసి తీవ్రతను అప్పు తెచ్చుకుంటుంది. బ్యాండు చీలింది అనగానే జాన్–టెల్లర్ అనేయకూడదు, ముందు కింది స్థితి చూడాలి.

నెట్_ర్యాంకు_కావాలి
అయితే టైటానియం(III)? d¹, t₂g మీద ఒకటి. 20,300 దగ్గర పీక్, 17,400 దగ్గర షోల్డర్. అది కింది స్థితి చీలికే కదా?

స్పెక్ట్రో_బాబాయ్
జాన్–టెల్లరే, కానీ పై స్థితిది. t₂g ఆర్బిటాల్స్ లిగాండ్ల మధ్యలోకి చూస్తాయి, అక్కడ చీలిక చిన్నది. ఎలక్ట్రాన్ e_g కి ఎక్కినప్పుడు అక్కడ ²E_g పెద్దగా చీలుతుంది. మీరు చూసే దాదాపు 2,900 సెం.మీ⁻¹ తేడా దానిదే. కాపర్‌లో కింది స్థితే వంగి ఉంటుంది, టైటానియంలో ఎక్కాక వంగుతుంది.

ఈపీఆర్_పిల్ల
సాగిందా అణగిందా అన్నది యూవీ-విజిబుల్‌తో తేలదు, ఈపీఆర్‌తో తేలుతుంది. g∥ > g⊥ > 2.00 వస్తే ఖాళీ d(x²−y²) లో ఉంది, అంటే సాగింది. అణగితే g∥ దాదాపు 2.00 దగ్గర ఉండి g⊥ పెద్దదవుతుంది. టెట్రా అమ్మైన్‌కి g∥ సుమారు 2.24, నీళ్లలోని కాపర్‌కి 2.4. వట్టి నీళ్లను 77 K కి గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు కాపర్‌ని పక్కకు నెట్టి గుంపు చేస్తాయి, నాలుగు గీతలూ కలిసి ఒకే ముద్దవుతుంది. గ్లిజరాల్ సగానికి సగం కలిపి గాజులా గడ్డకట్టించండి.

ఇంకో మోసం. ZnSiF₆·6H₂O లో కొద్దిగా కాపర్ వేసి 90 K దగ్గర చూస్తే ఒకే g, ఏ డిస్టార్షనూ లేనట్టు. 20 K కి దింపితే g∥, g⊥ విడిపోతాయి. సాగిన అక్షం x, y, z ల మధ్య గంతులు వేస్తూ ఉండడంతో వేడిలో సగటు మాత్రమే కనబడింది.

నీలితొట్టి
400 దగ్గర 0.004, మడ్డి లేదు. 0.24 తో తీస్తే పీక్ 600. కానీ 0.2 నుంచి 12 మోలార్ దాకా ఎనిమిది స్కాన్లు ఒకదానిమీద ఒకటి పెడితే ఐసోస్‌బెస్టిక్ బిందువు ఒకేచోట కుదరట్లేదు, జారుతోంది. అంటే ఆరో అమ్మోనియా కూడా వస్తోందా?

స్పెక్ట్రో_బాబాయ్
వెంటనే అలా అనొద్దు. 12 మోలార్ అంటే ద్రావకంలో గణనీయ భాగం అమ్మోనియాయే, మీడియం మారితే టెట్రా స్పెక్ట్రమే కొంచెం జరుగుతుంది. అయానిక్ బలం కూడా అన్ని స్కాన్లలో ఒకటే ఉంచారా?

పాతల్యాబ్
ఆరోదాకా ఎందుకు, నీళ్లలో వట్టి కాపర్‌కి ఆరు నీళ్లున్నాయా ఐదేనా అన్నదే తెగలేదు. 2001లో న్యూట్రాన్ డిఫ్రాక్షన్‌తో ఐదు అన్నారు. సాగిన ఆరు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేనూ అటే.

నీలితొట్టి
అమ్మోనియం నైట్రేట్ మొదటి నాలుగింట్లోనే వేశాను. ఎనిమిదీ 2 మోలార్‌తో మళ్లీ తీస్తాను.