50 అంకణాల ఇంటికి ఇంకుడు గుంత: ఎంత సైజు, లోపల ఏం నింపాలి?

కరకంబాడి రోడ్డు
30×60 స్థలం, మన లెక్కలో 50 అంకణాలు. స్లాబు పడింది, మేడ మీద 1200 చదరపు అడుగులు వస్తుంది. మేస్త్రీ ఏమో "నాలుగడుగుల గుంత తీసి కంకర, ఇసుక నింపేద్దాం సార్, ఒక పూట పని" అంటున్నాడు. సంపు కోసం తవ్వినప్పుడు చూశాను, పైన ఐదడుగుల దాకా జిగట ఎర్రమట్టి, దాని కింద మొరం. ఖాళీ అంటే తూర్పు వైపు ఆరడుగుల సందు ఒక్కటే. అక్టోబరు వానల్లోపు అయిపోవాలి. కట్టించుకున్నవాళ్లు కాస్త చెప్పండి.

తిరుచానూరు సామి
నాలుగడుగులు చాలు సామీ, ఎక్కువ ఆలోచించొద్దు. అడుగున ఇసుక, దాని మీద చిన్న కంకర, పైన పెద్ద రాళ్లు, మధ్యలో ఒక బస్తా బొగ్గు వేయండి, నీళ్లు శుభ్రమై దిగుతాయి. మేడ మీద నుంచి వచ్చే మొదటి వాన నీళ్లను మాత్రం లోపలికి వదలొద్దు, దుమ్మంతా అందులోనే ఉంటుంది. పైపుకు ఒక టీ పెట్టి, కింద మూత తీసి బయటికి వదిలేయాలి.

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
మొదటి వాన నీళ్ల గురించి సామి చెప్పింది నిజమే. పొరలు మాత్రం తలకిందులు. ఇసుక అడుగున ఉంటే, మట్టి నీళ్లు పై రాళ్ల సందుల్లోంచి జారిపోయి అడుగున చేరి గట్టిపడతాయి. అప్పుడు గుంత మొత్తం ఖాళీ చేస్తే తప్ప బాగుచేయలేరు. ఇసుక పైన ఉంటే ఆ బురద చెక్కు పైనే కడుతుంది, ఏడాదికోసారి రెండంగుళాలు గీకి పారేసి కొత్త ఇసుక వేస్తే సరిపోతుంది. కాబట్టి అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, ఆ పైన నైలాన్ వల, వల మీద దొడ్డు ఇసుక. వల లేకపోతే ఇసుక రెండు సీజన్లలో కంకర సందుల్లోకి దిగిపోతుంది. బొగ్గు వల్ల ఇక్కడ ఒరిగేదేం లేదు, మనం తాగడానికి కాదు కదా పట్టేది.

ఇక సైజు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ 1200 అడుగులంటే దాదాపు 111 చదరపు మీటర్లు. గంటకు 30 మిల్లీమీటర్లు కొట్టిందనుకోండి, స్లాబు పీల్చేది, చిందిపోయేది పోగా 85 శాతం లెక్కేస్తే సుమారు 2,800 లీటర్లు. 4×4×4 గుంత ఖాళీగా ఉంటే పట్టేదే 1,800 లీటర్లు. కంకర నింపాక అందులో నీటికి మిగిలే సందు 40 శాతానికి మించదు, అంటే 700 చిల్లర. మిగతా రెండు వేల లీటర్లు వీధిలోకే. పైగా నాలుగడుగుల దగ్గర మీరింకా జిగట మట్టిలోనే ఉన్నారు.

కరకంబాడి రోడ్డు
అంటే నింపిన గుంతే కావాలంటే ఎంత ఉండాలి సార్?

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు, ఆరడుగుల లోతు. మీ సందులో పట్టదు, పట్టినా పునాదిని ఆనుకుంటుంది. అందుకే నింపే ఆలోచన మానేసి సిమెంటు రింగులు దించండి. నాలుగడుగుల వ్యాసం రింగులో ఎనిమిదడుగుల ఖాళీ లోతు ఉంటే 2,800 లీటర్లు పడుతుంది, మీ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కింది రింగులకు చిల్లులుండాలి, రింగు చుట్టూ బయట అర అడుగు 40 ఎంఎం కంకర, అడుగున ఒక అడుగు కంకర, అంతే. వడపోత గుంతలో కాదు, దాని ముందు 2×2 తొట్టి కట్టి అందులో పెట్టండి. శుభ్రం చేయాల్సింది ఆ తొట్టినే. పునాదికి కనీసం నాలుగైదు అడుగుల ఎడం ఉండాలి కాబట్టి సందులో కాకుండా ముందు గేటు వైపు చూడండి.

భవానీనగర్ అక్క
మా ఇంట్లో సెప్టిక్ ట్యాంకు పక్కన సోక్ పిట్ ఇప్పటికే ఉంది. మేడ నీళ్ల పైపు అందులోకే ఇస్తే ఖర్చు తప్పుతుంది కదా?

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
వద్దమ్మా. వాన కొట్టినప్పుడు ఆ మురుగే మీ బోరు వైపు దారి పడుతుంది, లేదా పొంగి వాకిట్లోకి వస్తుంది. వాన నీటి గుంత దానికి ఎంత దూరంగా ఉంటే అంత మేలు. వాషింగ్ మెషీన్ నీళ్లు కూడా ఇందులోకి వదలొద్దు.

పలమనేరు రైతుబిడ్డ
మా ఇంటి దగ్గర 800 అడుగుల బోరు ఎండిపోయింది. దాని చుట్టూ గుంత తీసి, కేసింగుకు చిల్లులు కొట్టి, వల చుట్టి కంకర పోశాం. రెండేళ్లయింది, బోరులో చుక్క లేదు. పక్కింటి పాత బావిలో మాత్రం నీళ్లు పైకొచ్చాయి. మేము డబ్బు పెడితే వాళ్లు తోడుకుంటున్నారు!

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
మనది రాతి నేల బాబూ. గుంతలో దిగిన నీరు పైనున్న మొరం, పొడిరాయి పొరలో నిలుస్తుంది, బావి ఊరేది ఆ పొరలోంచే. లోతు బోరుకు నీళ్లొచ్చేది కింద గట్టి రాతి పగుళ్లలోంచి. ఆ పగుళ్లకూ పైపొరకూ దారి ఉంటేనే అందుతుంది, లేకపోతే లేదు. మీకు చిల్లులు ఎంత లోతులో కొట్టారు, లోపల పూడిక ఎంతుంది అన్నది చూడకుండా నేను చెప్పలేను. ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, నీళ్లొస్తున్న బోరులోకి ఎవరూ ఇలా నేరుగా వదలొద్దు. బురద ఒకసారి పగుళ్లలో చేరితే ఉన్న ఊట కూడా పోతుంది.

కరకంబాడి రోడ్డు
మీరు ఫోన్లో చెప్పిన పరీక్ష చేశాను సార్. మట్టిలో ఒకటి, మొరంలో ఒకటి అడుగు గుంతలు తీసి, ముందు రోజు నీళ్లు పోసి నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి స్కేలు పెట్టి చూశాను. మట్టిలో గంటకు అర అంగుళం దిగింది, మొరంలో మూడంగుళాలు.

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
చూశారా తేడా. ఎనిమిదడుగుల నీరు అడుగు నుంచే ఇంకినా మొరంలో 32 గంటల్లో ఖాళీ అవుతుంది, పక్క చిల్లులు కలిస్తే ఇంకా ముందే. అదే మట్టిలో ఆపేసి ఉంటే ఎనిమిది రోజులు. నవంబరులో వాన వదలదు కదా, నిండిన గుంత మీదే మళ్లీ పడుతుంది. గొట్టం కలిసే చోటు కింద ఎనిమిదడుగులు వచ్చేట్టు పది, పదకొండు అడుగులు దిగండి.

రేణిగుంట మెటీరియల్స్
ఇసుక దగ్గర జాగ్రత్త అన్నా. ఎం-శాండ్ తెచ్చి అలాగే పోస్తున్నారు, అందులో రాతి పిండి ఉంటుంది, మొదటి వానకే సిమెంటులా పట్టేస్తుంది. ఏటి ఇసుక దొరక్కపోతే ఎం-శాండే తీసుకుని జల్లెడ పట్టి కడిగి వాడండి. ఇటుక ముక్కలు వేద్దామంటే ఒప్పుకోవద్దు, నానితే పొడి అవుతాయి. నన్నడిగితే తొట్టిలో అసలు ఇసుకే వద్దు, 20 ఎంఎం కంకర, వల చాలు. మేడ నీళ్లలో ఉండేది ఆకులు, దుమ్మే కదా.

రిటైర్డ్ ఏఈ, చిత్తూరు
సన్న దుమ్ము వలలో ఆగదు, మొరాన్ని మూసేది అదే. నాలుగంగుళాల దొడ్డు ఇసుక వేయాల్సిందే.

రేణిగుంట మెటీరియల్స్
అదే ఇసుక బురద పట్టినప్పుడు తొట్టి పొంగి నీళ్లన్నీ బయటికే పోతున్నాయి సార్, నేను చూసిన ఇళ్లలో ఏటా గీకేవాళ్లు పదిలో ఇద్దరు.

తిరుచానూరు సామి
పొంగడం అంటే గుర్తొచ్చింది. పొంగు పైపు వీధి కాలువ మట్టం కంటే ఎత్తులో పెట్టించండి. 2021 నవంబరులో మా వీధి మునిగినప్పుడు కాలువ నీళ్లే వెనక్కి తన్ని గుంతల్లోకి వచ్చాయి.

కరకంబాడి రోడ్డు
మా కాలువ ఇంకా కట్టలేదు సామీ, ఎంత ఎత్తులో వస్తుందో లేఅవుట్ వాళ్లను అడుగుతాను. ఇసుక విషయంలో ఏఈ గారి మాటే వింటున్నా, తొట్టి మాత్రం 2×2 కాకుండా 3×3 కట్టిస్తాను. రింగుల మీదకు మనిషి ఎక్కినా ఆగే స్లాబు మూత ఎవరి దగ్గర దొరుకుతుంది, లేక అక్కడే పోయించాలా?

రేణిగుంట మెటీరియల్స్
రింగులు చేసేవాళ్ల దగ్గరే దొరుకుతుంది అన్నా. గేటు దగ్గరంటున్నారు, కారు ఎక్కే చోటైతే అది ఆగదు, కడ్డీ కట్టి అక్కడే పోయించండి.