కాలవలో అడ్డంగా నీటి గోడలు: చంక్ సరిహద్దు దగ్గర మెష్ ఎప్పుడు కట్టాలి?

లంకగట్టు
కోనసీమలా ఉండే బ్లాకుల ప్రపంచం ఒకటి కడుతున్నాను. గోడోట్‌లో సీ షార్ప్, చంక్ సైజు 16×16×16. నేల దాదాపు చదును. మధ్యలో 7 బ్లాకుల వెడల్పు, 3 బ్లాకుల లోతు ఉన్న కాలవ, రెండు వైపులా గట్లు, వాటి మీద కొబ్బరి చెట్లు.

సమస్య కాలవలోనే. ప్రతి 16 బ్లాకులకీ నీళ్లలో అడ్డంగా నీలం పొర కనిపిస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఆట మొదలైన చోటు నుంచి పడవలో దూరంగా వెళ్తుంటే ఏమీ కనిపించదు. వెనక్కి తిరిగి వస్తుంటే మాత్రం వరసగా కనిపిస్తాయి. పక్క బ్లాకుని ఇలా అడుగుతున్నాను:

```csharp
Block Get(int wx, int wy, int wz) {
    var c = world.Find(wx >> 4, wy >> 4, wz >> 4);
    if (c == null) return Block.Air;
    return c[wx & 15, wy & 15, wz & 15];
}
```

నీటికి పక్కన నీరే ఉంటే ఫేస్ గీయొద్దని రాశాను. మరి ఈ గోడలు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

యానాం తీరం
గ్రీడీ మెషింగ్ పెట్టండి బ్రో. ఒకే రకం ఫేసులన్నీ కలిసిపోతాయి, మెష్ బాగా తేలికవుతుంది. నాకు చేలల్లో అదే పని చేసింది.

కొబ్బరాకు
నాకూ సరిహద్దు దగ్గరే గొడవండీ. చెట్టు చంక్ అంచున పడితే మట్టలు సగానికి కోసేసినట్టు ఉంటాయి. ఒక వైపు గుబురుగా, ఇంకో వైపు బోడిగా. మీది కూడా ఇదే అయి ఉంటుంది, చెట్లు ఒకసారి చూడండి.

లేసుదారం (నరసాపురం)
లంకగట్టు గారూ, వెళ్లేటప్పుడు కనిపించక వచ్చేటప్పుడు కనిపించడంలోనే జవాబు ఉంది.

మీరు మొదలైన చోటుకి దగ్గరగా ఉన్న చంక్ ముందు తయారవుతుంది. దాని మెష్ కట్టే సమయానికి అవతలి చంక్ ఇంకా పుట్టలేదు. మీ `Get` అక్కడ గాలి ఉందని చెబుతుంది. నీటి పక్కన గాలి ఉంటే ఫేస్ గీయాలి కాబట్టి అంచున ఉన్న 7×3, అంటే 21 నీటి ఫేసులు గీసేస్తుంది. తర్వాత అవతలి చంక్ వస్తుంది. దానికి ఇవతలి చంక్ కనిపిస్తుంది కనుక అది తన వైపు ఏమీ గీయదు. పాతదాన్ని మాత్రం మళ్లీ ఎవరూ కట్టడం లేదు. అందుకే ఒక్కో సరిహద్దులో ఒక్కటే గోడ, అదీ పాత చంక్‌ది, ముఖం బయటికి తిరిగి ఉంటుంది. వెనక వైపు ఫేసులు చూపించొద్దని మెటీరియల్‌లో మామూలుగానే ఉంటుంది కాబట్టి దూరంగా పోతున్నప్పుడు అది కనపడదు. తిరిగి వస్తుంటే ఎదురుగా నిలబడుతుంది.

నేల కింద కూడా ఇవే గోడలు ఉన్నాయి, మట్టి కప్పేసింది అంతే. పరీక్ష సులువు. పూర్తిగా మట్టితో నిండి, చుట్టూ ఆరు వైపులా కూడా మట్టి చంకులే ఉన్న ఒక చంక్‌ని తీసుకుని దాని ఫేసుల సంఖ్య ప్రింట్ చేయండి. సున్నా రావాలి. ఒక్కో వైపుకి 256 చొప్పున వస్తే రోగం ఇదే.

యానాం గారు చెప్పిన గ్రీడీ మెషింగ్ చదును నేలకి చాలా మంచిది, కానీ ఇక్కడ అది గోడని తీయదు. 21 ఫేసుల్ని ఒకే క్వాడ్‌గా కలుపుతుంది, పొర అలాగే ఉంటుంది. పైగా సంఖ్య చిన్నదిగా కనపడటంతో తప్పు దాక్కుంటుంది. అందుకే ఈ లెక్క గ్రీడీ పెట్టకముందే చూసుకోవాలి.

తణుకు కుర్రాడు
అయితే ఒక్క లైను మారిస్తే సరిపోతుంది కదా అక్కా. చంక్ లేకపోతే `Block.Air` బదులు `Block.Stone` అనుకోమంటే గోడలే రావు. నేను అలాగే చేశాను, ఇప్పటిదాకా ఇబ్బంది లేదు.

లేసుదారం (నరసాపురం)
చేల మధ్య ఇబ్బంది కనపడదు తమ్ముడూ, రెండు చంకులూ ఒకే ఎత్తు కనుక. కాలవ గట్టు సరిగ్గా చంక్ అంచున పడితే చూడు. గట్టు ఈ చంక్‌లో చివరి వరస, నీళ్లు పక్క చంక్‌లో మొదటి వరస. పక్కన రాయి ఉందనుకుని గట్టు తన పక్క ఫేసులు గీయదు. నీళ్ల చంక్ వచ్చాక అక్కడ గట్టుకి ముఖమే ఉండదు, లోపలి నుంచి ఆకాశం కనిపిస్తుంది. గోడ బదులు కన్నం వచ్చింది. రెండు దారుల్లోనూ పాత చంక్‌ని మళ్లీ కట్టక తప్పదు.

నా పద్ధతి వేరు. పక్కవి వచ్చేదాకా మెష్ కట్టను. ముందు బ్లాకుల డేటా మాత్రమే నింపుతాను. ఆరు పక్కల డేటా సిద్ధమైన చంక్‌నే మెష్ క్యూలోకి పంపుతాను. చూపించే దూరం 8 చంకులైతే డేటా 9 దాకా తయారు చేస్తాను. చివరి వరసకి మెష్ ఉండదు. అదనపు మెమరీ పోతుంది, కానీ మొదటి లోడ్‌లో ఒక్కో చంక్ ఒక్కసారే కట్టుకుంటుంది. పక్కది వచ్చినప్పుడల్లా మళ్లీ కడితే ఒక్కో చంక్‌కి 7 సార్ల దాకా పడొచ్చు.

మెష్ కట్టే థ్రెడ్‌కి అసలు ప్రపంచాన్ని ఇవ్వను. చుట్టూ ఒక బ్లాకు మందం కలిపి 18×18×18 కాపీ ఇస్తాను. అంటే 4,096 బదులు 5,832 బ్లాకులు. మధ్యలో ఆటగాడు ఏదైనా తవ్వినా ఆ థ్రెడ్ చదివేది మారదు, ప్రతి బ్లాకుకీ `Find` పిలిచే ఖర్చూ తప్పుతుంది. మూలల్లో నీడ కావాలంటే మాత్రం ఆరు పక్కలు చాలవు, మూలల్లో ఉన్నవీ కలిపి 26 కావాలి.

కొబ్బరాకు గారూ, మీది మెష్ తప్పు కాదు, డేటా తప్పు. చెట్టు తన చంక్ దాటి రాయాల్సిన ఆకుల్ని ఎక్కడో పారేస్తున్నారు. మట్టలు 4 బ్లాకులు చాపితే, ప్రతి చంక్ తన చుట్టూ 4 బ్లాకుల దూరంలో ఏ చెట్లు మొలుస్తాయో సీడ్ నుంచి తానే లెక్కేసుకుని, తన హద్దులోకి వచ్చే ఆకుల్ని మాత్రం రాసుకోవాలి. నేల ఎత్తు x, z నుంచే వస్తుంటే పక్క చంక్ లేకపోయినా ఈ లెక్క కుదురుతుంది.

కొబ్బరాకు
నా ఎత్తు నాయిస్ నుంచే వస్తుంది, కానీ కాలవలు తర్వాత విడిగా తవ్వుతున్నాను. అప్పుడు చెట్టు నీళ్లలో మొలవదా?

లేసుదారం (నరసాపురం)
మొలుస్తుంది. కాలవ దారిని కూడా అదే ఎత్తు ఫంక్షన్‌లోకి తెచ్చేయండి.

లంకగట్టు
మట్టి చంక్ ప్రింట్ చేశాను. కొన్నిటికి 256, కొన్నిటికి 768. మొదలైన చోటుకి దూరంగా ఉన్న వైపులే గీసి ఉన్నాయి, మీరు చెప్పినట్టే. ఆరు పక్కలూ వచ్చాకే మెష్ కట్టేలా మార్చాను. ఇప్పుడు సున్నా, కాలవ నున్నగా ఉంది. చాలా థ్యాంక్సండీ.

ఇంకొకటి మిగిలింది. చంక్ అంచున గట్టు బ్లాకు తవ్వితే ఒక్క క్షణం కన్నం మెరిసి మూసుకుంటుంది. పక్క చంక్‌ని కూడా మళ్లీ కట్టిస్తున్నాను.

లేసుదారం (నరసాపురం)
రెండు మెష్‌లూ వేరే థ్రెడ్ల నుంచి వేరే ఫ్రేముల్లో వస్తున్నాయి. ఒకే మార్పుకి చెందినవాటిని ఒక గుంపుగా పట్టుకుని, అన్నీ సిద్ధమయ్యాక ఒకే ఫ్రేములో మార్చండి. మూల బ్లాకు తవ్వితే గుంపులో నాలుగు చంకులు ఉంటాయి, మీదీ, పక్కవి మూడూ.

యానాం తీరం
అంత ఆగితే తవ్విన దెబ్బ ఆలస్యంగా తగిలినట్టు ఉంటుంది. నేను ఆటగాడి మార్పుల్ని మెయిన్ థ్రెడ్‌లోనే కట్టేస్తాను. 16 సైజు చంక్ చిన్నదే, కంప్యూటర్‌లో తేడా తెలియలేదు.

లేసుదారం (నరసాపురం)
కంప్యూటర్‌లో ఒప్పుకుంటాను. పాత ఫోన్‌లో నాలుగు చంకులు ఒకే ఫ్రేములో కడితే నాకు ఆట తడబడింది. లంకగట్టు గారూ, మీరు దేనికోసం కడుతున్నారు?

లంకగట్టు
ఫోన్‌కే అండీ. రెండూ పెట్టి కొలిచి ఇక్కడే రాస్తాను.