క్రిటికల్ చైన్ బఫర్: అన్ని పనులూ ఒకే కారణంతో ఆలస్యమైతే ఎంత పెట్టాలి?

అనంతపురం దగ్గర సోలార్ సైటు. ఐదు బ్లాకుల్లో స్తంభాల గుంతలు ఒకే డ్రిల్లింగ్ రిగ్గు వరుసగా తవ్వాలి. మొదట బ్లాకుకు 8 రోజులు, మొత్తం 40 రోజులు వేశాం. పాత సైట్లో ఇలాగే వేస్తే, 5 రోజుల్లో తవ్వేసిన బ్లాకును కూడా కాంక్రీటు వాళ్లకు 8వ రోజునే అప్పగించారు. మిగిలిన రోజులన్నీ అక్కడే ఆవిరయ్యాయి.

అందుకే ఈసారి క్రిటికల్ చైన్ పద్ధతిలో బ్లాకుకు 4 రోజులే ఉంచి, విడి గడువులు తీసేశాం. ఐదు బ్లాకుల్లోనూ కోసిన 4 రోజుల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే √80, అంటే సుమారు 9 రోజులు. అన్ని బ్లాకుల ఆలస్యాలకూ కలిపి చివర్లో ఉంచిన ప్రాజెక్టు బఫర్ అదే. రిగ్గు ఖాళీ కావడానికి 2 రోజుల ముందే కాంక్రీటు వాళ్లకు కబురు పెడుతున్నాం. అప్పగింత బాగానే జరుగుతోంది.

కానీ బండ తగిలి మొదటి రెండు బ్లాకులకూ చెరి 7 రోజులు పట్టింది. పని 40 శాతమే అయింది, బఫర్‌లో 6 రోజులు పోయాయి. వర్గమూలం లెక్క ఆలస్యాలు ఒకదానికొకటి సంబంధం లేనివైతేనే నిలుస్తుంది. ఇక్కడేమో కింద అంతా ఒకటే బండ.

మిగతా మూడు బ్లాకులకు 4 రోజులే ఉంచి బఫర్‌ను పెంచాలా, లేక వాటి అంచనానే 7 రోజులకు మార్చి బఫర్ కొత్తగా లెక్కగట్టాలా?